డబ్బు ఇవ్వని లాట్లు ఇచ్చినట్టు చూపుతున్నాయి: ఒంటి &, జంట &&, కామా, void మీద చర్చ

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. నేను ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. మా దగ్గరికి వచ్చే ధాన్యం లాట్లను నమోదు చేయడానికి ఒక చిన్న వెబ్ పేజీ ఉంది. నాకంటే ముందు పనిచేసిన అబ్బాయి రాసిపెట్టి వెళ్లాడు. జావాస్క్రిప్ట్ చదివితే అర్థమవుతుంది కానీ ఈ ఒక్క వరుస దగ్గర ఆగిపోయాను.

ప్రతి లాటుకూ నాలుగు దశలు ఉంటాయి. తేమ చూడడం, కాంటా వేయడం, లోడు దించడం, రైతుకు డబ్బు చెల్లించడం. నాలుగింటినీ `flags` అనే ఒకే అంకెలో దాచాడు.

```js
const MOIST = 1, WEIGHED = 2, UNLOADED = 4, PAID = 8;

const paidLots = lots.filter(l => l.flags & PAID === PAID);
```

చెల్లింపు పూర్తయిన లాట్ల జాబితా ఈ రెండో వరుస నుంచి వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, డబ్బు ఇంకా ఇవ్వని లాట్లు కూడా అందులో కనిపిస్తున్నాయి. రైతు ఫోన్ చేసి అడిగితే "మీకు ఇచ్చేశామని చూపుతోంది" అని చెప్పాల్సి వస్తోంది, ఆయన బాధపడుతున్నాడు. ఇంకో వింత కూడా ఉంది. మా రెండో గోదాం నుంచి వచ్చే ధాన్యానికి మళ్లీ తేమ చూడం. ఆ లాట్లకు డబ్బు ఇచ్చినా అవి జాబితాలోకి రావడం లేదు. ఎక్కడ వెతకాలో చెప్పగలరా?

పైథాన్ బాటసారి, నల్లగొండ

ఆ వరుసలో తప్పేమీ లేదండి. `&` ముందు జరుగుతుంది, ఆ తర్వాత పోలిక జరుగుతుంది. అంటే `flags`లో 8 విలువ గల బిట్ ఉంటే 8 వస్తుంది, అది 8కి సమానం కాబట్టి లాటు జాబితాలోకి వస్తుంది. నేను పైథాన్‌లో రోజూ ఇలాగే రాస్తాను, ఏనాడూ తేడా రాలేదు. మీ డేటాలోనే అంకెలు తప్పుగా పడి ఉంటాయి. ముందు `flags` విలువలను చూడండి.

నకిరేకల్ నిమ్మ మార్కెట్

మాకూ ఇదే బాధ అమ్మా. చెల్లింపుల్లో అంకెలు తప్పు వస్తున్నాయి. నిమ్మకాయల కమీషన్ లెక్కకు మా అబ్బాయి ఒక పేజీ చేశాడు. లక్షా ఇరవై వేల అయిదు వందలు రావలసిన చోట ఒక్క అయిదు వందలే వస్తోంది. మీ పేజీకి కూడా ఇదే కారణమేమో చూడండి. కామాలు ఎలా పెట్టారు?

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

నకిరేకల్ అన్నా, మీది వేరే సమస్య, అది కూడా చూద్దాం. ముందు మిర్యాలగూడ చెల్లెలి వరుస.

నల్లగొండ తమ్ముడు చెప్పింది పైథాన్ వరకు నిజం. అక్కడ `&` ముందు, పోలిక తర్వాత. జావాస్క్రిప్ట్‌లో ఆ వరుస తిరగబడుతుంది. అక్కడ `===` ముందు జరుగుతుంది, ఒంటి `&` ఆ తర్వాత. బ్రౌజర్ మీ వరుసను ఇలా చదువుతోంది:

```js
l.flags & (PAID === PAID)
l.flags & true
l.flags & 1
```

8, 8 సమానమే కాబట్టి బ్రాకెట్ లోపల ఎప్పుడూ `true` వస్తుంది. ఒంటి `&` తన రెండు వైపులా పూర్ణాంకాలే కోరుతుంది, అందుకే `true`ను 1గా మార్చుకుంటుంది. మీ పట్టికలో 1 అంటే ఏమిటి? తేమ చూడడం. చెల్లింపు జరిగిందా అని మీరు అడుగుతున్నారు, తేమ చూశారా అనే ప్రశ్నకు జవాబు వస్తోంది. మీరు రాసిన రెండు వింతలూ దీనితోనే తేలిపోతాయి.

ఒక లాటుకు తేమ చూశారు, కాంటా వేశారు, లోడు దించారు, డబ్బు ఇవ్వలేదు. దాని అంకె 1 + 2 + 4 = 7. `7 & 1` చేస్తే 1, అంటే అవును. డబ్బు ఇవ్వకపోయినా జాబితాలోకి వచ్చింది. ఇప్పుడు రెండో గోదాం లాటు తీసుకోండి. తేమ చూడలేదు, మిగిలిన మూడూ అయ్యాయి. దాని అంకె 14. `14 & 1` చేస్తే 0, అంటే కాదు. డబ్బు ఇచ్చినా రాలేదు. తేమ చూడని లాట్లకే ఇలా అవుతోందని మీరు గమనించి రాయడం వల్లే కారణం వెంటనే దొరికింది.

సరిచేయడానికి బ్రాకెట్లు చాలు.

```js
const paidLots = lots.filter(l => (l.flags & PAID) !== 0);
```

ఈ వరుస ఎందుకు ఇలా ఉందో కూడా తెలిస్తే మరచిపోరు. సీ భాషకు ముందు బీ అనే భాష ఉండేది. అందులో జంట `&&` లేదు. `if` లోపల రెండు షరతులు కలపడానికి కూడా ఒంటి `&`నే వాడేవారు. ఒక పోలిక, `&`, ఇంకో పోలిక అని రాస్తే పోలికలు ముందు జరగాలి కదా, అందుకే దాన్ని పోలికల కంటే కింద ఉంచారు. సీలోకి `&&` వచ్చాక కూడా, అప్పటికే రాసిన ప్రోగ్రాములు చెడిపోకూడదని ఒంటి `&` స్థానాన్ని కదపలేదు. ఈ సంగతి సీ రూపకర్త డెనిస్ రిచీయే రాశారు. 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్ ఆ వరుసనే తీసుకుంది. పైథాన్ తీసుకోలేదు.

జడ్చర్ల డేటాబేస్

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఆ అబ్బాయి ఈ షరతును ముందు డేటాబేస్‌లో పరీక్షించి ఉంటాడని నా అనుమానం. మైసీక్వెల్‌లో, సీక్వెలైట్‌లో `flags & 8 = 8` అని రాస్తే సరైన జవాబే వస్తుంది, ఎందుకంటే అక్కడ `&` ముందు జరుగుతుంది. అక్కడ సరిపోయిన షరతును తీసి పేజీలో పెడితే అర్థం మారిపోయింది. ఏ భాషలో రాసినా బ్రాకెట్లు పెట్టడం నేను ఎప్పుడూ మానను.

అసలు నా అభిప్రాయం వేరు. నాలుగు దశలను ఒక అంకెలో ఇరికించడమే అనవసరం. నాలుగు వేరు వేరు గడులు పెట్టి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

సార్, బ్రాకెట్లు పెట్టగానే జాబితా మారిపోయింది. 7 ఉన్న లాట్లన్నీ పోయాయి, 14 ఉన్నవి వచ్చాయి. చాలా ధన్యవాదాలు.

కానీ నల్లగొండ అన్న చెప్పినట్టు `flags` విలువలు కూడా చూశాను. కొన్ని 11, ఒకటి రెండు చోట్ల 23 ఉన్నాయి. అన్ని దశలూ కలిపితే 15 కదా, 23 ఎలా వచ్చింది? 11 అంటే 8 + 2 + 1. అంటే లోడు దించకముందే డబ్బు ఇచ్చినట్టు. మా దగ్గర అలా జరగడం అరుదు.

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

దశ పూర్తయినప్పుడు బటన్ నొక్కితే ఏ వరుస నడుస్తోందో ఇక్కడ పెట్టండి. `+=` ఉంటుందని అనుకుంటున్నాను.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

అవును సార్.

```js
lot.flags += stage;
```

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

అయితే నల్లగొండ తమ్ముడి అనుమానం ఈ చోట నిజమైంది, డేటా కూడా చెడింది.

కూడిక ఒకసారి జరిగితే పరవాలేదు. నెట్ నెమ్మదిగా ఉందని హమాలీల మేస్త్రీ బటన్‌ను రెండుసార్లు నొక్కాడనుకోండి. తేమ, కాంటా అయిన లాటు 3 దగ్గర ఉంది. లోడు దించామని ఒకసారి నొక్కితే 7. రెండోసారి నొక్కితే 11. బిట్లుగా రాసి చూడండి:

```
 7 = 0111
+4 = 0100
11 = 1011
```

4 స్థానంలో ఇప్పటికే 1 ఉంది. దానికి ఇంకో 1 కలిపితే అక్కడ 0 మిగిలి, ఒకటి పక్క స్థానంలోకి వెళ్లింది. ఆ పక్క స్థానం 8, అంటే చెల్లింపు. లోడు దించామని రెండుసార్లు నొక్కినందుకు లోడు దించలేదని, డబ్బు ఇచ్చామని నమోదైంది. ఇది జాబితాలోని తప్పు కంటే ప్రమాదకరం, ఎందుకంటే ఇది దాచిన విలువలోనే ఉండిపోతుంది. 23 కూడా ఇలాగే వచ్చి ఉంటుంది. 7 ఉన్న లాటుకు 8ని రెండుసార్లు కలిపితే 23. అందులో 8 స్థానం ఖాళీ అయిపోయి, పట్టికలోనే లేని 16 స్థానం నిండింది.

బిట్‌ను వెలిగించడానికి కూడిక వాడకూడదు. ఈ మూడు వరుసలు రాసి పెట్టుకోండి:

```js
lot.flags |= PAID;    // పెట్టడానికి
lot.flags &= ~PAID;   // తీసేయడానికి
lot.flags ^= PAID;    // ఉంటే తీసి, లేకపోతే పెట్టడానికి
```

`|=`ను ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఒకటే. 7కి 8 కలిస్తే 15, మళ్లీ నొక్కినా 15. `^=` అలా కాదు, రెండుసార్లు నొక్కితే మొదటికే వస్తుంది. కాబట్టి దశ పూర్తయిందని చెప్పే బటన్‌కు దాన్ని వాడవద్దు. టిక్ పెట్టి తీసే పెట్టెకు బాగుంటుంది.

`~PAID` విలువ చూస్తే -9 అని కనిపిస్తుంది, కంగారు పడకండి. `~` అన్ని బిట్లనూ తిప్పేస్తుంది, 8 ఒక్కటి తప్ప మిగతావన్నీ 1 అవుతాయి. ఋణ సంఖ్యలను కంప్యూటర్ దాచే పద్ధతిలో ఆ బిట్ల వరుసే -9. దానితో `15 & -9` చేస్తే 7 వస్తుంది, అంటే చెల్లింపు గుర్తు మాత్రమే పోయింది.

గద్వాల విద్యార్థిని

సార్, ఒక సందేహం. మా సీనియర్ ఒకరు పైసలు తీసేయడానికి `amount | 0` అని రాస్తారు. అది కూడా బిట్ ఆపరేటరే కదా. `Math.trunc` కంటే వేగమని చెప్పారు. వాడవచ్చా?

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

డబ్బుకు వాడవద్దమ్మా. జావాస్క్రిప్ట్‌లో ఏ బిట్ ఆపరేటర్ అయినా అంకెను ముందు 32 బిట్ల పూర్ణాంకంగా కుదిస్తుంది. దశాంశ భాగాన్ని వదిలేయడం అందులో జరిగే ఒక పని మాత్రమే. 32 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె 2,14,74,83,647. అది దాటితే మొత్తం తారుమారు అవుతుంది. కన్సోల్‌లో వేసి చూడండి:

```js
3000000000 | 0        // -1294967296
Math.trunc(3000000000.75)  // 3000000000
```

రూపాయల్లో అంత మొత్తం మనకెక్కడిది అనిపించవచ్చు. కానీ పైసల్లో దాచే పద్ధతి చాలా చోట్ల ఉంది. పైసల్లో అయితే రెండు కోట్ల పదిహేను లక్షల రూపాయలకే ఈ హద్దు దాటుతుంది. మిర్యాలగూడలో ఒక మిల్లు సీజన్ మొత్తానికి అది పెద్ద సంగతి కాదు. చిన్న మొత్తాలతో పరీక్షించినన్నాళ్లూ అన్నీ సరిగ్గా కనిపించి, సీజన్ చివర మొత్తం ఋణ సంఖ్యగా మారుతుంది.

ఇదే కారణంతో ఒక `flags` అంకెలో దశలు కూడా 32కు మించి పట్టవు. 32వదాన్ని `1 << 31`తో చేస్తే అది ఋణ సంఖ్య అవుతుంది. అందుకే నేను పైన `> 0` అనకుండా `!== 0` అని రాశాను.

నకిరేకల్ నిమ్మ మార్కెట్

నా అయిదు వందల సంగతి ఎవరైనా చూస్తారా? మా అబ్బాయి రాసింది ఇది.

```js
function advance() {
  return 1,20,500;
}
```

గద్వాల విద్యార్థిని

అన్నా, ఇది నేను చెప్పగలను. మనం కాగితం మీద పెట్టే కామా జావాస్క్రిప్ట్‌కు అంకెలో భాగం కాదు, అదొక ఆపరేటర్. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటీ లెక్కకట్టి, చివరిదాన్ని మాత్రమే ఇస్తుంది. ముందు 1, తర్వాత 20, చివరికి 500. మీకు వచ్చింది ఆ 500.

అదే `x = 1,20,500;` అని రాసి ఉంటే `x`లో 1 పడేది. కామా అన్నిటికంటే చివర జరుగుతుంది, దానికంటే ముందే `x = 1` అయిపోతుంది. ఒకే కామాల అంకె ఒక చోట 500, ఇంకో చోట 1. తప్పు సందేశం ఏదీ రాదు కాబట్టి కనిపెట్టడం కష్టం. `let x = 1,20,500;` అని రాస్తే మాత్రం వెంటనే తప్పు చూపిస్తుంది, అక్కడ కామా తర్వాత ఇంకో పేరు రావాలి కాబట్టి.

చదవడానికి వీలుగా కావాలంటే `1_20_500` అని రాయవచ్చు, ఇప్పటి బ్రౌజర్లు ఒప్పుకుంటాయి.

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

చక్కగా చెప్పావమ్మా. ఒక్కటి కలుపుతాను. ఎవరైనా పెట్టెలో `1,20,500` అని టైప్ చేస్తే అది స్ట్రింగ్, అక్కడ కామా ఆపరేటర్ పాత్ర లేదు. కానీ `parseInt` దాన్ని చూసి మొదటి కామా దగ్గర ఆగి 1 ఇస్తుంది. `Number` అయితే `NaN` ఇస్తుంది, అది నయం, కనీసం తప్పు బయటపడుతుంది. ముందు `replaceAll(",", "")` చేసి ఆ తర్వాత `Number`కు ఇవ్వండి.

కామా ఆపరేటర్‌కు నేను ఒప్పుకునే చోటు ఒకటే, రెండు సూచికలు ఒకేసారి కదిలే `for`. జాబితాను రెండు చివరల నుంచీ చూసుకుంటూ రావాలంటే `i++, j--` అని చివరి భాగంలో రాస్తాం. మిగిలిన చోట్ల రెండు వరుసలు రాస్తే పోతుంది.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

సార్, `|=` పెట్టేశాను. ఇంకొకటి అడగాలి. తరుగు లెక్కలో ఇలా ఉంది:

```js
const tarugu = lot.tarugu || 2;
```

క్వింటాలుకు ఎన్ని కిలోల తరుగు అనేది నమోదు చేయకపోతే 2 తీసుకోవాలని దీని ఉద్దేశం. ధాన్యం బాగా ఎండి ఉంటే 0 అని వేస్తాం. లాటు నమోదు చేసేటప్పుడు 0 అనే చూపిస్తుంది. మర్నాడు అదే లాటును తెరిస్తే 2 కిలోల తరుగుతో బిల్లు వస్తోంది. ఎవరూ మార్చలేదు.

పైథాన్ బాటసారి, నల్లగొండ

ఇది నాకు తెలుసు, పైథాన్‌లో `or` కూడా ఇలాగే ఉంటుంది. `||` నిజమా అబద్ధమా అని జవాబు చెప్పదు, రెండు విలువల్లో ఒకదాన్ని తిరిగి ఇస్తుంది. ఎడమది లెక్కలోకి వచ్చేదైతే దాన్నే ఇచ్చి ఆగిపోతుంది, కుడివైపు చూడనే చూడదు. 0ను లేనట్టే లెక్కవేస్తుంది కాబట్టి 2 ఇచ్చింది. `||` బదులు `??` పెట్టండి, అయిపోతుంది. కానీ మొదటి రోజు 0 ఎలా చూపించిందో నాకు అర్థం కాలేదు.

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

నల్లగొండ తమ్ముడు అడిగిన చివరి ప్రశ్నే అసలైనది. మొదటి రోజు విలువ నేరుగా పెట్టెలోంచి వచ్చింది. పెట్టెలో టైప్ చేసింది ఎప్పుడూ స్ట్రింగే. `"0"` ఖాళీ స్ట్రింగ్ కాదు, అందులో ఒక అక్షరం ఉంది, కాబట్టి `||` దాన్ని ఉన్నట్టే తీసుకుంది. రాత్రి అది డేటాబేస్‌లో అంకెగా దాచబడింది. మర్నాడు 0 అనే అంకెగా తిరిగి వచ్చింది. అప్పుడు `||` దాన్ని లేనట్టు చూసి 2 ఇచ్చింది.

```js
"0" || 2    // "0"
0 || 2      // 2
0 ?? 2      // 0
"" ?? 2     // ""
```

ఎంత నష్టమో చూడండి. ఒక రైతు 80 క్వింటాళ్లు తెచ్చాడు, ధాన్యం బాగా ఎండింది, తరుగు లేదు. పేజీ 2 కిలోలు కోస్తే 160 కిలోలు పోయాయి. 2024-25లో గ్రేడ్ ఏ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. ఆ లెక్కన 3,712 రూపాయలు ఆ రైతుకు తక్కువ ఇచ్చినట్టు. ఎండబెట్టి తెచ్చిన వాడికే ఈ కోత పడుతుంది. పాత బిల్లులు తప్పకుండా చూడండి చెల్లీ.

`??` తేవడం సరైనదే, 2020 నుంచి భాషలో ఉంది. అది `null`, `undefined` వచ్చినప్పుడు మాత్రమే కుడివైపుకు వెళ్తుంది. కానీ నాలుగో వరుస చూడండి. పెట్టెను ఖాళీగా వదిలితే వచ్చేది ఖాళీ స్ట్రింగ్, `??` దాన్ని అలాగే ఉంచుతుంది. తర్వాత ఎవరైనా `Number("")` చేస్తే 0 అవుతుంది. అంటే నమోదు చేయని తరుగు 0గా మారిపోయి, ఈసారి మిల్లుకు నష్టం. కాబట్టి పెట్టెలోంచి తీసుకునే చోటే ఖాళీ అయితే `null` అని, కాకపోతే అంకె అని తేల్చి దాచండి. ఆ తర్వాత `??` వాడితే ఎవరికీ నష్టం ఉండదు.

జడ్చర్ల డేటాబేస్

ఇంకా ఒకటి. ఆ పేజీలో డ్రైవర్ వివరాలు ఎలా చూపిస్తున్నారో చూడండి. ఒంటి `&` మీద అంత ఇష్టం ఉన్న అబ్బాయి `lot.driver & lot.driver.phone` అని రాసి ఉంటే, రైతు తన ట్రాక్టర్‌లోనే తెచ్చినప్పుడు డ్రైవర్ `null` అయి పేజీ మొత్తం ఆగిపోతుంది. జంట `&&` అయితే ఎడమవైపు లేదని తెలియగానే ఆగుతుంది, కుడివైపు ముట్టుకోదు. ఒంటిది అలా ఆగదు, రెండు వైపులా లెక్కకట్టిన తర్వాతే పని చేస్తుంది.

గద్వాల విద్యార్థిని

అలా ఆగకపోవడమే కావలసిన చోటు ఒకటి నాకు ఎదురైంది. ఫారంలో పేరు, ఫోను, పట్టాదారు పాస్‌బుక్ నంబరు మూడూ సరిచూడాలి.

```js
const ok = checkName() & checkPhone() & checkPassbook();
```

`&&` పెడితే పేరు తప్పయితే మిగతా రెండూ నడవవు, ఒక తప్పు దిద్దాక ఇంకోటి బయటపడుతుంది. ఒంటిది పెడితే మూడూ నడిచి, మూడు తప్పులూ ఒకేసారి ఎర్రగా కనిపిస్తాయి. ఇది బాగుంది కదా?

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

పనిచేస్తుంది, కానీ మూడు ఫంక్షన్లూ కచ్చితంగా `true` గానీ `false` గానీ ఇచ్చినంతవరకే. ఒకటి 2, ఇంకోటి 4 ఇచ్చాయనుకో, రెండూ ఉన్నట్టే లెక్క, కానీ `2 & 4` చేస్తే 0. పైగా చదివేవాళ్లు ఒక `&` పొరపాటున పోయిందనుకొని జత చేసేస్తారు. మూడు ఫలితాలను మూడు వేరియబుల్స్‌లో తీసుకొని చివర `&&` పెడితే నీ ఉద్దేశం అందరికీ తెలుస్తుంది.

గద్వాల విద్యార్థిని

సార్, ఒక చిన్న వ్యాఖ్య రాసి అలాగే ఉంచుతాను. నాకు ఇదే స్పష్టంగా అనిపిస్తోంది.

దేవరకొండ ఆన్‌లైన్ సెంటర్

ఇన్ని ఆపరేటర్లు చెప్పారు కాబట్టి నాది కూడా అడుగుతాను. మా సెంటర్ పేజీలో ధరఖాస్తుల పొడవైన జాబితా ఉంటుంది. వరుస చివర "వివరాలు" అనే లింకు నొక్కితే వివరాలు తెరుచుకుంటాయి, కానీ పేజీ మొత్తం పైకి ఎగిరిపోతుంది. మళ్లీ కిందికి వెతుక్కుంటూ రావాలి. `href="#"` అని ఉంది. ఒక మిత్రుడు `javascript:void(0)` పెట్టమన్నాడు. పెడితే సరిపోయింది, కానీ అదేమిటో అర్థం కాలేదు.

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

`void` తన పక్కనున్నదాన్ని నడిపించి, వచ్చిన విలువను పారేసి, `undefined` ఇస్తుంది. అంతే దాని పని. `javascript:` అని మొదలయ్యే లింకులో ఏదైనా స్ట్రింగ్ విలువ వస్తే బ్రౌజర్ ఆ పేజీని తీసేసి దాని స్థానంలో ఆ స్ట్రింగ్‌ను చూపుతుంది. `undefined` వస్తే ఏమీ చేయదు. ఏమీ జరగకూడదనే మీకు కావాలి కాబట్టి అది సరిపోయింది.

కానీ దాన్ని ఉంచవద్దంటాను. భద్రత కోసం సర్వర్‌లో కంటెంట్ సెక్యూరిటీ పాలసీ గట్టిగా పెడితే ఇలాంటి లింకులను బ్రౌజర్ అడ్డుకుంటుంది. ఎక్కడికీ వెళ్లనిది అసలు లింకే కాదు. `<button type="button">` పెట్టి, లింకులా కనిపించేలా రంగు వేయండి. పైకి ఎగరదు, కీబోర్డుతోనూ పనిచేస్తుంది.

పైథాన్ బాటసారి, నల్లగొండ

మా ఆఫీసు ప్రోగ్రాములో `void sendSms(lot);` అని చూశాను. అక్కడ లింకు లేదు కదా?

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

అది చదివేవాళ్ల కోసం, తనిఖీ చేసే పనిముట్ల కోసం. ఆ ఫంక్షన్ ప్రామిస్ ఇస్తుంది, దాని కోసం ఆగడం లేదు, తెలిసే ఆగడం లేదు అని చెప్పడం. కానీ జాగ్రత్త, మెసేజ్ వెళ్లకపోతే వచ్చే తప్పును `void` పట్టుకోదు. దానికి `.catch` వేరేగా పెట్టాల్సిందే.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

అందరికీ ధన్యవాదాలు. తరుగు బిల్లులు వెనక్కి వెళ్లి చూడడం మొదలుపెట్టాను. 0 తరుగు ఉన్న లాట్లను విడిగా తీస్తున్నాను. యజమానికి కూడా చెప్పాను, తక్కువ పడినవాళ్లకు ఇచ్చేద్దామన్నారు.

ఇక మిగిలింది 11, 23 ఉన్న లాట్లు. 11 ఉన్నవాటిని అన్నిటినీ 7 చేస్తూ ఒక ప్రోగ్రాం రాసి నడపమంటారా?

జడ్చర్ల డేటాబేస్

వద్దు. 11 రెండు దారుల్లో రావచ్చు. లోడు దించామని రెండుసార్లు నొక్కితే వస్తుంది. నిజంగానే కాంటా కాగానే, లోడు దించకముందే రైతుకు డబ్బు ఇచ్చినా వస్తుంది. అరుదని మీరే అన్నారు, అసలే లేదని అనలేదు. అంకెను చూసి ఏది జరిగిందో చెప్పలేం. 23 కూడా అంతే. ఏ బటన్‌ను ఎన్నిసార్లు నొక్కారన్నది గానీ, డబ్బు ఎన్నిసార్లు ఇచ్చారన్నది గానీ దాన్నిబట్టి తెలియదు.

అందుకే అంటున్నాను, నాలుగు వేరు గడులు చేయండి, అందులోనూ అవును కాదు అని కాకుండా ఆ దశ పూర్తయిన తేదీ, సమయం పెట్టండి. అప్పుడు రెండుసార్లు నొక్కినా ఇంకో దశ చెడిపోదు. చెల్లించని లాట్లను వెతికేటప్పుడు డేటాబేస్ ఇండెక్స్ కూడా పనికొస్తుంది. `flags & 8` మీద మామూలు ఇండెక్స్ పనిచేయదు, ప్రతి వరుసనూ తెరిచి చూడాలి.

పాలమూరు పాత లెక్చరర్, మహబూబ్‌నగర్

11, 23 విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను, అంకెతో తేల్చవద్దు. గడుల విషయంలో పూర్తిగా కాదు. ఒక మిల్లులో ఉండే లాట్లకు ఇండెక్స్ లేకపోయినా తేడా తెలియదు. `|=` పెట్టి, బ్రాకెట్లు పెట్టాక ఈ పద్ధతి నిలకడగానే ఉంటుంది, నడుస్తున్న పేజీని సీజన్ మధ్యలో మార్చడం కొత్త తప్పులకు దారి. తేదీ కావాలన్న మాట మాత్రం విలువైనది.

జడ్చర్ల డేటాబేస్

సీజన్ మధ్యలో వద్దంటే సరే సార్, వానాకాలం కొనుగోళ్లు ముగిశాకైనా మార్చమంటాను.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

అయితే ఇప్పటికి పేజీని అలాగే ఉంచుతాను. 11, 23 ఉన్న లాట్ల నంబర్లు కాగితం మీదకు తీశాను. రేపు క్యాషియర్ దగ్గర చెల్లింపుల పుస్తకం, వేబ్రిడ్జి చీటీలు పక్కపక్కన పెట్టుకొని ఒక్కొక్కటే చూసి చేత్తో సరిచేస్తాను. పుస్తకంలో రైతు సంతకం ఉంటే చెల్లించినట్టు, లేకపోతే ఫోన్ చేసి అడుగుతాను.